ఇంటి దగ్గర అమ్మకాలు: డబ్బు వచ్చే దారులు, రాత్రి లెక్క

ఈ ఏడు నివేదికలో ఇంటి దగ్గర నుంచి సరుకు అమ్ముకునే సభ్యులకి డబ్బు ఏ దారుల్లో వస్తూ వచ్చిందో రాయమని సమాఖ్య కార్యవర్గం వాళ్లు అడిగారు. నేను రాయగలిగింది మా ఆత్రేయపురం వైపు పూతరేకుల సంగతి. మా సంఘంలో ఎక్కువ మందిది అదే పని. పచ్చళ్లు పెట్టేవాళ్లు, పిండివంటలు చేసేవాళ్లు, జాకెట్లు కుట్టేవాళ్లు కూడా ఇందులో తమ లెక్క చూసుకోవచ్చు. సరుకు వేరైనా డబ్బు వచ్చే దారి ఒకటే కదండీ.

మా అమ్మావాళ్ల రోజుల్లో రేకు వేసేవాళ్లు రేకుల్ని వందల లెక్కన వ్యాపారికి ఇచ్చేవాళ్లు. వంద ఇచ్చినప్పుడల్లా వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత. వారానికోసారి వ్యాపారి తన పుస్తకం తెచ్చి లెక్క కట్టేవాడు. గోడ మీది గీతలకీ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకమే గెలిచేది, ఎందుకంటే చదవడం వచ్చింది ఆయనకే. బయట మనిషికి చుట్టిన పూతరేకులు అమ్మితే మాత్రం ఆ పేచీ ఉండేది కాదు. పొట్లం ఆ చేతిలో పెట్టి డబ్బు ఈ చేత్తో తీసుకునేవాళ్లు. ఎవరిచ్చారు, దేనికిచ్చారు అని తర్వాత వెతుక్కునే పనే లేదు. సరుకూ డబ్బూ ఒకే నిమిషంలో చేతులు మారేవి. ఇప్పుడు నేను రాస్తున్నదంతా ఆ రెండూ ఎలా విడిపోయాయి, విడిపోయినవాటిని మళ్లీ ఎలా కలుపుకుంటున్నాం అన్న సంగతే.

దూరం ఊళ్లవాళ్లు అడగడం మొదలయ్యాక మొదట వచ్చింది బ్యాంకు దారి. హైదరాబాదులో ఉన్న మనవాళ్లు అక్కడి బ్రాంచిలో మన ఖాతా నంబరు మీద డబ్బు కట్టి, కట్టానని ఫోన్ చేసేవాళ్లు. సంఘం వల్ల బ్యాంకు మెట్లు మనకి ముందే అలవాటు. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు వచ్చాక సొంత ఖాతా లేదనే ఆడమనిషి దాదాపు లేకుండా పోయింది. చిక్కు ఎక్కడంటే, పాస్‌బుక్ ప్రింటు వేయించుకుంటే నగదు జమ అని, ఎంతో అని ఉండేది కానీ ఎవరు కట్టారో తెలిసేది కాదు. ఒకే వారంలో ఇద్దరు ఐదేసి వందలు కడితే ఎవరి ఐదువందలు ఏవో ఫోన్లు చేసి కనుక్కోవాల్సిందే. డబ్బుకి పేరు లేకుండా రావడం మేం మొదటిసారి చూసింది అప్పుడే.

2016లో రెండు సంగతులు జరిగాయి. ఏప్రిల్ 11న నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వాళ్లు యూపీఐ మొదలుపెట్టారు. అప్పట్లో ఆ పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు. నవంబరు 8 రాత్రి ఐదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. ఇది మాత్రం అందరికీ తెలిసింది. కార్తీక మాసం, పెళ్లిళ్ల రోజులు. ఆర్డర్లున్నాయి, కొనేవాళ్ల చేతుల్లో చిల్లర లేదు. డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. అయినా మాలో చాలామంది దగ్గర ఉన్నవి బటన్ల ఫోన్లే. అందుకని నోట్ల రద్దుతో ఊళ్లో ఆడవాళ్లంతా ఫోన్‌లో డబ్బు తీసుకోవడం మొదలెట్టేశారని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. మా దగ్గర అది మూడు నాలుగేళ్లు ఆలస్యంగా, పిల్లల ఫోన్ల ద్వారా వచ్చింది.

ఆ గళ్ల బొమ్మ, అదే క్యూఆర్ కోడ్, డబ్బు కోసం పుట్టింది కాదు. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ అనే కంపెనీలో మసాహిరో హారా అనే ఇంజినీరు, ఆయన తోటివాళ్లు కలిసి దాన్ని తయారుచేశారు. కార్ల ఫ్యాక్టరీలో విడిభాగాల పెట్టెల మీద అంటించి, ఏ పెట్టె వచ్చింది, ఏది వెళ్లింది అని త్వరగా లెక్క చూసుకోవడానికి. మూడు మూలల్లో ఉండే పెద్ద చదరాలు ఫోన్‌కి దిక్కు చూపిస్తాయి, అందుకే స్టిక్కరు తలకిందులుగా ఉన్నా పనిచేస్తుంది. కొంచెం చిరిగినా, నెయ్యి మరక పడినా కూడా చదువుతుంది. మిగతా బొమ్మలో దాగి ఉన్నది ఉత్త అక్షరాలే. మన క్యూఆర్‌ని విప్పి చదివితే లోపల ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=rekulu@bank&pn=Rekulu&am=780.00&cu=INR&tn=OR41
```

ఇక్కడి పేరు ఊరికే చూపించడానికి రాసింది. pa అన్నచోట మన యూపీఐ ఐడీ, అంటే డబ్బు చేరాల్సిన చిరునామా. pn మన పేరు. am ఎంత కట్టాలో, cu రూపాయలని చెప్పడం. tn అన్నది మనం రాసుకునే గుర్తు, ఇక్కడ ఆర్డరు నంబరు. గోడకి అంటించే స్టిక్కరులో am, tn ఉండవు. కొనేవాళ్లే ఎంతో కొట్టాలి, అందుకే ఏడొందల ఎనభైకి బదులు డెబ్భై ఎనిమిది కొట్టినవాళ్లూ ఉన్నారు. ఒక్కో ఆర్డరుకి విడిగా చేసే క్యూఆర్‌లో మొత్తం ముందే రాసి ఉంటుంది.

లింకు కూడా ఇలాంటిదే. హైదరాబాదు ఆమె తన ఫోన్‌లో వచ్చిన బొమ్మని అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేదు కదా, అందుకని నొక్కితే చాలు అనే లింకు పుట్టింది. కానీ పైన రాసిన అక్షరాలు వాట్సాప్‌లో అలాగే పెడితే చాలా ఫోన్లలో నొక్కడానికి రాదు. మామూలు ఖాతాకి మొత్తం ముందే నింపి పంపిన లింకుని కొన్ని యాప్‌లు కట్టనివ్వవు కూడా. అందుకని లింకు కావాల్సినవాళ్లు వ్యాపార ఖాతా తెరిచి, లింకులు ఇచ్చే కంపెనీ దగ్గర చేరుతున్నారు. దాని ఖర్చు సంగతి కింద లెక్కలో వస్తుంది.

2020 జనవరి 1 నుంచి యూపీఐలో డబ్బు తీసుకున్న వ్యాపారి దగ్గర బ్యాంకులు రుసుం కోయకూడదన్నారు. అదే ఏడు కరోనా వచ్చింది. రోడ్డు పక్క అమ్మకాలు ఆగిపోయి ఆర్డర్లన్నీ వాట్సాప్‌కి ఎక్కాయి. ముందు ఒక కంపెనీ స్టిక్కరు ఆ కంపెనీ యాప్‌తోనే పనిచేసే పద్ధతి కూడా ఉండేది. ఆ ఏడు అక్టోబరులో రిజర్వు బ్యాంకు, అలాంటి కొత్తవి ఇక వద్దు, ఉన్నవాటిని 2022 మార్చి లోపు ఏ యాప్‌తోనైనా కట్టేలా మార్చండి అని చెప్పింది. రెండు మూడు స్టిక్కర్లు అంటించుకున్న గుమ్మాలకి ఒక్కటి సరిపోయింది. మా సంఘంలో సగం మంది క్యూఆర్ పెట్టింది ఆ రెండేళ్లలోనే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చేసరికి దూరం ఆర్డర్లు ఇంకా పెరిగాయి.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. యూపీఐ తెరిచేటప్పుడు, ఖాతాకి ఏ ఫోన్ నంబరు ఇచ్చామో ఆ సిమ్ నుంచే మెసేజ్ వెళ్లాలి. మన ఖాతాలు తెరిచిన రోజుల్లో ఇంటికి ఒకటే ఫోన్. అందుకని చాలామంది ఖాతాలకి భర్త నంబరో కొడుకు నంబరో ఉండిపోయింది. మా సంఘంలో ఒకామె అలా భర్త ఫోన్ మీద, ఆయన ఖాతాకే క్యూఆర్ చేయించుకుంది. ఆయన మంచివాడే, అడిగితే ఇచ్చేవాడు. కానీ అడగాలి. ఎంత వచ్చిందో ఆయన పొలం నుంచి వచ్చాక గానీ తెలిసేది కాదు. ఒక రోజు ఆయన ఎరువుల కొట్టుకి కట్టేసిన డబ్బులో మర్నాటి నెయ్యి డబ్బులు కూడా పోయాయి. వ్యాపారం పెంచుకుందామని ఆమె లోన్‌కి వెళ్తే బ్యాంకువాళ్లు ఆమె ఖాతా స్టేట్‌మెంట్ అడిగారు. రెండేళ్లు రోజూ పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి పేరు మీద ఒక్క అమ్మకమూ లేదు. అందులో ఉన్నవి సంఘం కంతులే.

ఆమె తన ఆధార్ మీద కొత్త సిమ్ తీసుకుంది. బ్రాంచిలో ఫారం రాసిచ్చి ఖాతాకి నంబరు మార్పించుకుంది, కొత్త క్యూఆర్ చేసుకుంది. పాత స్టిక్కరు చింపేసింది. అయినా ఆరు నెలలపాటు డబ్బులు పాత ఖాతాలో పడుతూనే ఉన్నాయి. పాత బొమ్మ కొనేవాళ్ల ఫోన్లలో దాచి ఉంది, వాళ్ల యాప్‌లో పాత పేరే ముందు వస్తుంది. మన గోడ మీది కాగితం చింపితే ఆ చిరునామా చావదు. పాత కొనుగోలుదారులందరికీ కొత్త బొమ్మ పంపి, డబ్బు కట్టే ముందు తెర మీద ఆమె పేరు కనిపిస్తేనే కట్టమని ఒక్కొక్కరికీ చెప్పుకోవాల్సి వచ్చింది. అంచేత మా సంఘంలో ఇప్పుడు ఎవరైనా క్యూఆర్ పెడతామంటే మేం మొదట అడిగేది, ఖాతాకి ఎవరి నంబరుంది అని.

ఇంక రోజు లెక్క. చేతికి చేతికి ఇచ్చుకున్నన్నాళ్లూ గల్లా పెట్టె లెక్కపెడితే సరిపోయేది. ఫోన్‌లో డబ్బు వచ్చాక కొనేవాళ్లు పంపే స్క్రీన్‌షాట్‌ని రసీదులాగా నమ్మేయడం అలవాటైపోయింది. స్క్రీన్‌షాట్ అంటే అవతలి ఫోన్ ఫోటో, మన ఖాతా ఫోటో కాదు. దాన్ని దిద్దవచ్చు, పాతది మళ్లీ పంపవచ్చు. దొంగతనం ఏమీ లేకపోయినా అది అబద్ధమయ్యే సందర్భం కూడా ఉంది. అందుకు ఒక సభ్యురాలి పుస్తకంలో పోయిన దసరా ముందు ఒక రోజు పేజీ, ఆమె ఒప్పుకున్నాక, ఇక్కడ పెడుతున్నాను. ఆమె ధరలు: పంచదారవి డబ్బా రెండు వందలు, బెల్లం జీడిపప్పువి మూడొందల యాభై, కొరియర్ వేరు.

ఆ రోజు ఆర్డర్లు ఏడు, నంబర్లు 41 నుంచి 47. 41వది హైదరాబాదుకి రెండు బెల్లం డబ్బాలు, కొరియర్‌తో 780. 42 పక్క వీధికి 200, నగదు. 43 బెంగళూరుకి నాలుగు బెల్లం డబ్బాలు, 1,520. ఆమె కార్డుతో కడతానంటే లింకు పంపారు. 44 విజయవాడకి 480. 45 రాజమండ్రి నుంచి వచ్చి పట్టుకెళ్లినాయన 350. 46 మళ్లీ హైదరాబాదుకి, ఇంకొకామెకి, రెండు బెల్లం డబ్బాలు, 780. 47 ఊళ్లో పేరంటానికి మూడు పంచదార డబ్బాలు 600, అందులో 300 బయానాగా క్యూఆర్‌కి కట్టారు, మిగతా సగం సరుకు ఇచ్చినప్పుడు. మొత్తం ఆర్డర్ల విలువ 4,710.

రాత్రి ఆమె బ్యాంకు యాప్ తెరిచి ఆ రోజు జమలు చూసింది. మెసేజులు చూడలేదు, మెసేజ్ ఆలస్యం కావచ్చు, అసలు రాకపోవచ్చు, దొంగదీ కావచ్చు. జమల్లో 780, 480, 350, 300 ఉన్నాయి. కలిపితే 1,910. ఇంకో జమ 1,152.15 ఉంది, అది ఏ ఆర్డరుకీ సరిపోయే అంకె కాదు. ఆర్డర్లలో 780లు రెండు, బ్యాంకులో ఒక్కటే. ఆ ఒక్కటి పంపిన పేరు చూస్తే మగ పేరు. 41, 46 రెండూ ఆడవాళ్ల ఆర్డర్లు. ఎవరో ఒకరి భర్త ఫోన్‌తో కట్టారన్నమాట. అంకెతో తేలదు, పేరుతో తేలదు.

అలాంటప్పుడు పనికొచ్చేది పన్నెండు అంకెల నంబరు. యూపీఐలో కట్టిన ప్రతి డబ్బుకీ ఒకటి ఉంటుంది. తెర మీద UTR అనో UPI Ref No అనో కనిపిస్తుంది. కట్టినవాళ్ల ఫోన్‌లోనూ, మన ఖాతా వివరాల్లోనూ అదే నంబరు. పక్కనే ఉండే అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటిది ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉంటుంది, దాంతో వెతక్కండి. ఆమె డబ్బు కట్టినవాళ్లని స్క్రీన్‌షాట్‌తో పాటు ఈ నంబరు కూడా కనిపించేలా పంపమంటుంది. ఆర్డరు ఎదురుగా చివరి నాలుగు అంకెలు రాసుకుంటుంది. 41వ ఆర్డరు అంకెలు బ్యాంకులో 780కి సరిపోయాయి. 46వ ఆర్డరు అంకెలు బ్యాంకులో ఎక్కడా లేవు. అప్పుడు ఆ స్క్రీన్‌షాట్ పెద్దగా చేసి చూస్తే, మొత్తం కింద చిన్న అక్షరాల్లో Processing అని ఉంది.

పాపం ఆ హైదరాబాదు ఆమె మోసగత్తె కాదు. ఆమె ఖాతాలో డబ్బు తగ్గింది, ఇక్కడ పడలేదు. దీనికి 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టింది. మామూలు ఖాతాకి పంపిన డబ్బు అవతల పడకపోతే మర్నాటిలోగా తిరిగి జమ కావాలి. వ్యాపారి ఖాతాకి కట్టినదైతే ఐదు రోజుల్లోగా. గడువు దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున బ్యాంకు ఆమెకి ఇవ్వాలి. మన వైపు నుంచి చేయగలిగింది ఒకటే, డబ్బు పడేదాకా డబ్బా కొరియర్‌కి ఇవ్వకుండా, మర్యాదగా ఆ సంగతి చెప్పడం. 'మీ డబ్బు దారిలో ఉందండి, తిరిగి మీకే వస్తుంది, వచ్చాక మళ్లీ కట్టండి, మీ డబ్బా తీసి పక్కన పెట్టాను' అని ఆమె మెసేజ్ పెట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి జమ అయింది, సాయంత్రం మళ్లీ కట్టారు. ఆ కొత్త 780ని మర్నాటి పేజీలోకి కొత్త అమ్మకంగా ఎక్కించలేదు, పాత 46వ ఆర్డరు ఎదురుగానే రాసింది. లేకపోతే అమ్మకం రెండుసార్లు లెక్కకొచ్చేది.

1,152.15 సంగతి చూద్దాం. ముందురోజు ఒక ఆర్డరుకి లింకు మీద 1,180 కట్టారు. లింకు కంపెనీ ఆ డబ్బు అప్పటికప్పుడు మనకి ఇవ్వదు. ఆమె చేరిన కంపెనీ మర్నాడు ఇస్తుంది, నూటికి రెండు రూపాయలు రుసుం పట్టుకుంటుంది. 1,180కి 23.60. ఆ రుసుం మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 4.25. రెండూ కలిపి 27.85 పోను 1,152.15 పడింది. పుస్తకంలో అమ్మకం 1,180 అనే రాయాలి, 27.85 ఖర్చుల్లో రాయాలి. పడినదే అమ్మకం అని రాస్తే ఏడాది చివర రుసుం కింద ఎంత పోయిందో ఎప్పటికీ తెలియదు. ఒకే రోజు మూడు లింకులు కట్టించుకుంటే మర్నాడు మూడూ కలిసి ఒకే జమగా వస్తాయి. అప్పుడు కంపెనీ పేజీలో ఏయే ఆర్డర్లు కలిపారో చూసుకుంటే గానీ బ్యాంకు అంకె అర్థం కాదు. ఈ తలనొప్పి వల్ల ఆమె కార్డు వాళ్లకి తప్ప లింకు పంపదు. నాకూ అదే మంచిదనిపిస్తుంది. మనంత చిన్న అమ్మకాలకి క్యూఆర్ చాలు.

ఇప్పుడు ఆ పేజీ కలపండి. నగదు 200. బ్యాంకులో పడిన ఆ రోజు ఆర్డర్ల డబ్బు 1,910. లింకు కంపెనీ దగ్గర దారిలో ఉన్నది 1,520. పేరంటం వాళ్ల బాకీ 300. తేలాల్సిన 46వది 780. మొత్తం 4,710. ఆర్డర్ల విలువతో సరిపోయింది. రెండో సరిచూపు బ్యాంకు నిల్వతో. పొద్దున నిల్వ 6,340.50. వచ్చినవి 1,910, 1,152.15. నెయ్యికి 900, కొరియర్‌కి 240 ఫోన్‌లోనే కట్టింది. మిగలాల్సింది 8,262.65. యాప్‌లోనూ అంతే ఉంది. పావుగంట పని. నిల్వ సరిపోని రాత్రి ఎక్కువసార్లు కారణం ఒకటే ఉంటుంది, అదే ఖాతాలోంచి ఇంటి రీచార్జో పిల్లల ఫీజో కట్టి రాయకపోవడం.

మోసాల మాట కూడా రాయమన్నారు. మా దగ్గర జరిగినవి రెండు రకాలే. ఒకటి, గుమ్మం పక్క స్టిక్కరు మీద ఎవరో తమ స్టిక్కరు అంటించడం. రోజూ పొద్దున ఒక రూపాయి కట్టించి చూసుకుంటే, కట్టేటప్పుడు తెర మీద వచ్చే పేరుతో ఇది తెలిసిపోతుంది. రెండోది, పెద్ద ఆర్డరు ఇస్తామని ఫోన్ చేసి, బయానా పంపుతున్నాం, పిన్ కొట్టి తీసుకోండి అనడం. మనకి వచ్చే డబ్బుకి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. మనుషులు ఒకరినొకరు ఇలా డబ్బు అడిగే ఆ పద్ధతిని 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో తీసేశారు. అయినా దొంగ క్యూఆర్ పంపి స్కాన్ చేయమనే ఫోన్లు ఇప్పటికీ వస్తున్నాయి.

ఆ సభ్యురాలు ఇప్పుడు నెల మొదట్లో బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ముప్ఫై పేజీల మొత్తాలు దాని పక్కన పెట్టి, తేడా ఉంటే ఆ వారం సంఘం సమావేశానికి రెండూ పట్టుకొస్తుంది. మన బుక్‌కీపర్ దగ్గర కూర్చుని తేలుస్తాం. క్యూఆర్ తన పేరు మీదకి మార్పించుకున్న ఆమె పోయిన మార్చిలో మళ్లీ లోన్‌కి వెళ్లింది. ఈసారి పద్నాలుగు నెలల స్టేట్‌మెంట్ తీసుకెళ్లింది.